వంటగది అమరిక (అండమాన్ హోటళ్లు)

పచ్చి సరుకులోని క్రిములు వండిన పదార్థానికి అంటకుండా పనివరుసను నిర్ణయించే పద్ధతి. క్యాటరింగ్ పరీక్షల్లో వంటగది పటం ఇచ్చి తప్పు పట్టమని అడగవచ్చు.

శ్రీవిజయపురం (2024 వరకు పోర్ట్ బ్లెయిర్) వంటి చోట ముఖ్యమైన సరుకు చేప. వెచ్చని సముద్రజలాల్లో సహజంగా ఉండే విబ్రియో పారాహీమోలిటికస్ చేపతోపాటే వంటింట్లోకి వస్తుంది. బాగా ఉడికితే చస్తుంది; చేప కడిగిన నీటి తుంపర పక్కనున్న సలాడ్ మీద పడితే బతికే ఉంటుంది. అందుకే చేప కడిగే సింకు సరుకు దిగే తలుపు దగ్గరే ఉండాలి. అక్కడి నుంచి కోత బల్ల, పొయ్యి, వడ్డన ఒకే దిశలో సాగాలి. చేతులు కడిగే సింకు వేరు.

ఒకే తలుపున్న ఇరుకు గదిలో ఈ దారి కుదరదు. అప్పుడు స్థలానికి బదులు సమయాన్ని విడదీయాలి: సలాడ్ ముందుగా కోసి, మూతపెట్టి ఫ్రిజ్ పై అరలో ఉంచి, తర్వాతే చేప ముట్టాలి. ఆపై బల్లను సబ్బుతో కడిగి, క్రిమిసంహారకంతో తుడవాలి. వేసవిలో నీటికి కటకట ఏర్పడే ఈ దీవుల్లో ఆ కడుగుడుకు సరిపడా ట్యాంకును కూడా పటంలో చూపాలి. అది లేని పటం కాగితం మీదే పనిచేస్తుంది.