సిబిల్ స్కోరు లేదా? ఎఫ్‌డీపై క్రెడిట్ కార్డు ఇలా..

ధర్మవరంలో మగ్గం నేసేవారికి, హిందూపురం, పెనుకొండల్లో చిన్న కొట్టు నడిపేవారికి పే స్లిప్ ఉండదు. ఇంతవరకూ అప్పే తీసుకోకపోతే సిబిల్ రిపోర్టులో స్కోరు బదులు ‘NH’ అని కనిపించవచ్చు. అంటే మీకు చెడ్డపేరు ఉందని కాదు, అసలు రుణ చరిత్రే లేదని. ఇలాంటివారికి బ్యాంకులు ఫిక్స్‌డ్ డిపాజిట్ హామీగా క్రెడిట్ కార్డు ఇస్తాయి.

మీరు రూ.25,000 ఎఫ్‌డీ చేశారనుకుందాం. బ్యాంకు 80 శాతం లిమిట్ ఇస్తే కార్డుపై రూ.20,000 వాడుకోవచ్చు. ఎఫ్‌డీపై వడ్డీ మామూలుగానే వస్తుంది. కానీ కార్డు ఉన్నంతకాలం ఆ సొమ్ముపై బ్యాంకుకు హక్కు (లీన్) ఉంటుంది, మధ్యలో తీసుకోలేరు. కాబట్టి అత్యవసరానికి దాచుకున్న డబ్బును ఇందులో పెట్టకండి.

చాలామంది పొరపడేది వాడకం దగ్గరే. లిమిట్‌లో 30 శాతం, అంటే రూ.6,000 దాటకుండా చూసుకోవడం మేలు. జరీకో, సరుకుకో రూ.15,000 పెట్టాల్సి వస్తే గడువు దాకా ఆగకుండా స్టేట్‌మెంట్ రాకముందే కొంత కట్టేయండి. ఎందుకంటే సాధారణంగా స్టేట్‌మెంట్‌లోని బకాయే సిబిల్‌కు చేరుతుంది. ‘మినిమమ్ డ్యూ’ మాత్రమే కడితే మిగతా సొమ్ముపై నెలకు 3 శాతానికి పైగా వడ్డీ పడొచ్చు.

సుమారు ఆరు నెలలకు స్కోరు కనిపిస్తుంది. బాకీ ఎగ్గొడితే బ్యాంకు ఎఫ్‌డీ నుంచి జమ చేసుకుంటుంది. అయినా ఆలస్యమైన వాయిదాలు రిపోర్టులో అలాగే ఉంటాయి.