యూపీఐలో తెలియనివారి రిక్వెస్ట్‌కు పిన్ కొట్టేస్తే మొదటి గంటలో ఏం చేయాలి?

వరి కోతలయ్యాక గడ్డి కట్టలు, పాత స్ప్రేయర్, పాడి గేదె వంటివి అమ్ముతామని ఫోన్‌లో ఫొటోలు పెట్టే రైతులు ఇప్పుడు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. అవి చూసి ఎవరో ఫోన్ చేసి బేరం కుదుర్చుకుంటారు, అడ్వాన్స్ పంపుతున్నామంటారు. కానీ రైతు ఫోన్‌కు వచ్చేది డబ్బు కాదు, డబ్బు అడిగే రిక్వెస్ట్. దీన్నే కలెక్ట్ రిక్వెస్ట్ అంటారు. దానికి ఒప్పుకుని పిన్ కొడితే డబ్బు మన ఖాతాలోంచి వాళ్ల ఖాతాకు పోతుంది.

యూపీఐలో పిన్ అవసరమయ్యేది డబ్బు పంపడానికీ, ఖాతాలో ఎంత ఉందో చూసుకోవడానికీ. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు. మన ఫోన్ చేతిలో లేకపోయినా వచ్చే డబ్బు వచ్చి ఖాతాలో పడుతుంది. రిక్వెస్ట్ వచ్చినప్పుడు తెర మీద Pay, Decline అని రెండు మాటలు కనిపిస్తాయి. Pay అంటే మీరు చెల్లిస్తున్నారని అర్థం.

ఒక వ్యక్తి ఇంకొక వ్యక్తికి ఇలా రిక్వెస్ట్ పంపే పద్ధతిని 2025 అక్టోబర్ 1 నుంచి ఆపేశారు. దాంతో మోసం ఆగిపోయిందనుకోవద్దు. వ్యాపారుల ఖాతాలకు వేరే నిబంధనలున్నాయి కాబట్టి రిక్వెస్ట్‌లో మనిషి పేరుకు బదులు ఏదో దుకాణం పేరు కనిపించవచ్చు. లేదంటే క్యూఆర్ కోడ్ గానీ లింక్ గానీ పంపి “స్కాన్ చేస్తే డబ్బు పడుతుంది” అంటారు. దారి ఏదైనా చివరికి వచ్చేది పిన్ అడిగే తెరే. పోయాక చేయవలసిన పనులు కూడా అన్నింటికీ ఒకటే.

ఒక ఉదాహరణ

ఒక రైతు 250 గడ్డి కట్టలు, కట్ట 40 రూపాయల చొప్పున అమ్మకానికి పెట్టాడనుకుందాం. మొత్తం 10,000. కొంటానన్నవాడు 4,000 అడ్వాన్స్ ఇస్తానన్నాడు. నంబరు సరైనదో కాదో చూస్తానని ముందు ఒక రూపాయి పంపాడు. అది నిజంగానే ఖాతాలో పడింది. నమ్మకం కుదిరాక 4,000కు రిక్వెస్ట్ వచ్చింది. ఫోన్‌లో మాట్లాడుతూనే రైతు పిన్ కొట్టాడు. ఉదయం 11 గంటల 10 నిమిషాలకు 4,000 పోయినట్టు మెసేజ్ వచ్చింది. “అయ్యో, పొరపాటున అటు వచ్చింది. ఇంకో రిక్వెస్ట్ పెడుతున్నా, అది నొక్కితే రెండూ కలిపి 8,000 తిరిగి వస్తాయి” అన్నాడు అవతలివాడు.

రైతు ఖాతాలో అప్పటికి వడ్ల డబ్బు 42,000 ఉంది. ఇక్కడ నేను మరీ మరీ చెప్పేది ఈ రెండో రిక్వెస్ట్ గురించే. పోయిన 4,000 కోసం ఆత్రపడినవాళ్లు మిగిలింది కూడా పోగొట్టుకుంటారు. వాడితో వాదించకుండా, తిట్టకుండా వెంటనే ఫోన్ పెట్టేయాలి. లైన్‌లో ఉన్నంతసేపూ వాడు మిమ్మల్ని వేరే పని చేసుకోనివ్వడు.

మొదటి ఫోన్ 1930కి

1930 అనేది సైబర్ మోసాల ఫిర్యాదులకు దేశమంతటా ఉన్న నంబరు. బ్యాంకుకు వెళ్లి వచ్చాక చేద్దామని ఆగవద్దు. మీరు చెప్పిన వివరాలను డబ్బు చేరిన బ్యాంకుకు పంపుతారు. ఆ ఖాతాలో అప్పటికి ఎంత మిగిలి ఉంటే అంత ఆ బ్యాంకు కదలకుండా ఆపుతుంది. మోసగాళ్లు డబ్బును ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు, అక్కడి నుంచి ఏటీఎంకు నిమిషాల్లో తరలిస్తారు. నోట్లుగా బయటకు తీశాక ఆపడానికి ఏమీ ఉండదు. మన ఉదాహరణలో రైతు 11 గంటల 20 నిమిషాలకు ఫోన్ చేసేసరికి 1,500 వేరే ఖాతాకు వెళ్లిపోయిందనుకుంటే, ఆగేది మిగతా 2,500. ఆ 1,500 కూడా రెండో ఖాతాలో ఇంకా ఉంటే అక్కడ ఆపే వీలుంటుంది.

ఫోన్ చేసేటప్పుడు మీ బ్యాంకు పేరు, ఖాతా నంబరు, పోయిన మొత్తం, తేదీ, సమయం, అవతలివాడి ఫోన్ నంబరు దగ్గర పెట్టుకోండి. వీటన్నింటికంటే ముఖ్యమైనది లావాదేవీ నంబరు. మీ యాప్‌లో పాత చెల్లింపుల జాబితా తెరిచి ఆ చెల్లింపు మీద నొక్కితే UTR అని 12 అంకెల నంబరు కనిపిస్తుంది. డబ్బు ఎటు పోయిందో వెతికేది దాని ఆధారంగానే. కాగితం మీద రాసుకోండి, తెరను ఫొటో తీసి ఉంచండి. సిగ్గుపడో, కోపంతోనో మెసేజ్‌లు తుడిచేసేవాళ్లుంటారు. అలా చేస్తే మీ దగ్గర ఉన్న రుజువే పోతుంది.

లైన్ కలవకపోతే మళ్లీ మళ్లీ చేస్తూ ఉండండి. ఈలోగా చదువుకున్న పిల్లలెవరైనా ఉంటే cybercrime.gov.in లో ఫిర్యాదు నమోదు చేయించండి. 1930లో నమోదయ్యాక ఫిర్యాదు నంబరు ఇస్తారు. ఆ తర్వాత 24 గంటల్లోపు ఇదే వెబ్‌సైట్‌లో పూర్తి వివరాలు నింపాలి. ఫోన్ చేశాం కదా అని దీన్ని వదిలేయవద్దు.

తర్వాత బ్యాంకు

పాస్‌బుక్ మీదో, ఏటీఎం కార్డు వెనకో ఉన్న నంబరుకే ఫోన్ చేయండి. ఇంటర్నెట్‌లో కస్టమర్ కేర్ అని వెతికితే దొరికే నంబర్లలో మోసగాళ్లవి కూడా ఉంటాయి. మోసం జరిగిందని చెప్పి, ఖాతాలో యూపీఐ ఆపమని అడగండి. ఫిర్యాదు నంబరు తీసుకోండి. యాప్‌లో ఇంకేమైనా రిక్వెస్టులు మిగిలి ఉంటే Decline నొక్కండి. ఆటోపే అనే చోట మీకు తెలియని పేరు ఉంటే దాన్నీ రద్దు చేయండి. వీలైతే అదే రోజు బ్రాంచికి వెళ్లి రాతపూర్వకంగా ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకోండి.

ఆ ముద్రకు విలువ ఉంది. రిజర్వు బ్యాంకు 2017లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం ఖాతాదారు అజాగ్రత్త వల్ల పోయిన డబ్బు నష్టం, బ్యాంకుకు చెప్పేంతవరకు ఖాతాదారుదే. చెప్పిన తర్వాత అనుమతి లేకుండా ఇంకేమైనా పోతే అది బ్యాంకు భరించాలి. మీరే పిన్ కొట్టారు కాబట్టి మొదటి 4,000 బ్యాంకు తన జేబులోంచి ఇస్తుందని ఆశించలేం. వచ్చే అవకాశం ఉన్నది అవతల ఖాతాలో ఆగిన డబ్బే. అది కూడా వెంటనే రాదు. తెలంగాణలో లోక్ అదాలత్ ద్వారా కూడా ఇలా ఇప్పిస్తున్నారు. మీ ఫిర్యాదు నంబరుతో పోలీస్ స్టేషన్‌లో అడగండి.

బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు సరిగా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు cms.rbi.org.in లో ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు. సందేహాలకు 14448 నంబరుంది.

మోసం కాక పొరపాటే అయితే

ఒక్కోసారి అసలైన దుకాణం ఎవరికో పంపాల్సిన రిక్వెస్ట్ మీకు వస్తుంది, చూసుకోకుండా మీరు కట్టేస్తారు. అప్పుడు ముందు ఆ దుకాణంవాళ్లతో మాట్లాడండి. యాప్‌లో ఆ చెల్లింపు కింద ఉండే సహాయం దగ్గర, బ్యాంకులో కూడా ఫిర్యాదు పెట్టండి. ఇలాంటప్పుడు అవతలి ఖాతాదారు ఒప్పుకోకుండా బ్యాంకు తనంతట తాను డబ్బు వెనక్కి తీసి ఇవ్వదు. ఇవ్వనని మొండికేస్తే లావాదేవీ వివరాలతో పోలీసులకు రాసివ్వాలి.

ఫిర్యాదు చేసిన కొన్నాళ్లకు “మీ డబ్బు దొరికింది, ఫీజు కట్టండి” అంటూ పోలీసుల పేరుతోనో బ్యాంకు పేరుతోనో ఫోన్ వస్తే ఒక్క పైసా పంపవద్దు. డబ్బు విడిపించడానికి ఫోన్‌లో ఫీజు అడిగే పద్ధతి పోలీసులకూ లేదు, బ్యాంకుకూ లేదు. ఆ నంబరును కూడా 1930కి చెప్పండి.