ఫొటోలోని సాలెపురుగును గుర్తించడం: గూడు, దేహాకృతి ఆధారాలు

సాలెపురుగును కన్నడంలో జేడ, తమిళంలో సిలంది, మరాఠీలో కోళీ, ఒడియాలో బుఢియాణి అంటారు. పేరేదైనా, ఇంటి గోడపై పెద్ద సాలీడు కనిపించగానే కలిగే సందేహం ఒక్కటే: ఇది విషపురుగా, కాదా? ఇప్పుడు చాలామంది చీపురు అందుకోకముందే సెల్‌ఫోనుతో ఫొటో తీసి, తెలిసినవారికి పంపి అడుగుతున్నారు. అలాంటి ఫొటోను చూసేటప్పుడు రంగును నమ్ముకుంటే పొరపాటు జరుగుతుంది. ఒకే జాతిలో ఆడది, మగది, పిల్ల వేర్వేరు రంగులలో ఉండవచ్చు. ముందుగా గూటి రీతిని, తరువాత దేహాకృతిని చూడడం సరైన పద్ధతి.

ఒక విషయం మొదటే చెప్పుకోవాలి. దాదాపు అన్ని సాలీళ్లకూ విషం ఉంటుంది. అది ఈగలను, దోమలను, బొద్దింకలను లొంగదీసుకోవడానికి మాత్రమే. వాటిలో మనిషికి హాని చేయగలవి చాలా తక్కువ. అనేక జాతుల కోరలు మన చర్మంలోకి దిగనే దిగవు.

చక్రం వంటి గూడు

పెరటిలో, కంచెలమీద బండిచక్రపు ఆకుల వలె మధ్యనుండి దారాలు సాగి, వాటిపై చుట్లు చుట్లుగా అల్లిన గూడు కనిపిస్తే, దాని యజమాని నుండి భయపడవలసినది లేదు. గూటి నడుమ తెల్లని వంకర గీతలు ఉండి, సాలీడు తన ఎనిమిది కాళ్లను రెండేసి చొప్పున జతచేసి ఇంటూ గుర్తు ఆకారంలో తలక్రిందులుగా కూర్చొని ఉంటే, అది ఆర్జియోపె. ఆడదాని పొట్టపై పసుపు, గోధుమ, వెండి రంగు పట్టీలు ఉంటాయి. పట్టీలను చూసి పులి వంటిదని భయపడతారు గాని, అది పగలంతా గూటిలో కదలక ఉండే సాధుజీవి. అడవి అంచున ఉన్న తోటలలో బంగారు ఛాయగల పెద్ద గూడు, దానిలో అరచేయంత కాళ్ల విస్తీర్ణం గల సాలీడు కనిపిస్తే అది నెఫిలా. పరిమాణం పెద్దదైనా అదీ ప్రమాదకరం కాదు.

చిక్కుపడిన గూడు

ఇంటి మూలల్లో దుమ్ముపట్టి బూజుగా మారేది ఎక్కువగా పొడుగుకాళ్ల సాలీడు గూడే. దీనికి క్రమమైన ఆకారం ఉండదు. సన్నని దేహం, వెంట్రుకల వంటి పొడవాటి కాళ్లు దీని ఆనవాళ్లు. ముట్టుకోబోతే గూటిలోనే వేగంగా ఊగిపోతుంది. అందువల్ల ఫొటోలో అది తరచు మసకగా పడుతుంది. ఆ మసకే ఒక గుర్తు. ఇది నిరపాయకరం.

చిక్కుగూడే ఉండి, దానిలోని సాలీడు పొట్ట బఠాణీగింజలా గుండ్రంగా ఉంటే మాత్రం మరికొంత జాగ్రత్తగా చూడాలి. ఈ కుటుంబంలో ఎక్కువ భాగం నిరపాయకరమైనవే. అయితే లాట్రోడెక్టస్ అనే ప్రజాతి కూడా ఇందులోనిదే. ఇది మన దేశంలో అరుదుగానైనా నమోదైంది. దీని విషం నరాలపై పనిచేస్తుంది. నిగనిగలాడే నల్లని పొట్టపై ఎర్రని చారగాని, పొట్ట అడుగున డమరుకం ఆకారంలో ఎరుపు లేదా నారింజ మచ్చగాని దీని ముఖ్య లక్షణాలు. గోధుమరంగు జాతి గుడ్ల సంచి పైభాగమంతా ముళ్లు మొలిచినట్లుంటుంది. కాబట్టి పొట్ట అడుగుభాగం, గుడ్ల సంచి కనిపించని ఫొటోతో ఈ అనుమానం తీరదు. కుండీల అడుగున, పాత కట్టెల కుప్పలలో ఇలాంటిది కనిపిస్తే చేతితో తాకరాదు.

గూడు అల్లనివి: ఒక ఉదాహరణ

వంటింటి తలుపుపైన రాత్రివేళ తీసిన ఒక ఫొటోను ఊహించుకుందాం. ప్రక్కనున్న స్విచ్చితో పోల్చితే సాలీడు కాళ్లతో కలిపి నాలుగు అంగుళాల వరకు ఉంది. క్రింద తెల్లని బిళ్ల వంటిదేదో పట్టుకొని ఉంది. చుట్టుప్రక్కల గూడు లేదు. చూసినవారు "విషపు సంచి మోస్తున్నది, చంపేయండి" అంటారు.

దీనిని వరుసగా పరిశీలించాలి. గూడు లేదు కనుక ఇది వేటాడే రకం. దేహం బల్లపరుపుగా ఉంది. కాళ్లు క్రిందికి నిలబడక, పీత కాళ్ల వలె ప్రక్కలకు పరచుకొని ఉన్నాయి. ముఖానికి అడ్డంగా, కళ్లకు దిగువన, మీసంలా ఒక లేత పట్టీ ఉంది. ఈ మూడూ కలిస్తే అది హెటెరోపోడా, అనగా ఇళ్లలో బొద్దింకలను వేటాడే సాలీడు. క్రింద ఉన్న తెల్లని బిళ్ల విషం కాదు, గుడ్ల సంచి. ఆడది పిల్లలు బయటికి వచ్చేవరకు దానిని పొట్టక్రింద మోస్తుంది. చేతితో నొక్కితే కరవవచ్చు, కొంతసేపు నొప్పి, వాపు ఉండవచ్చు. అంతకుమించి ప్రమాదం లేదు. దానిని చంపనక్కరలేదు. వెడల్పాటి డబ్బా బోర్లించి, అడుగున అట్ట జొనిపి బయట వదలవచ్చు.

గోడలపై పగటిపూట గెంతుతూ తిరిగే పొట్టికాళ్ల చిన్న సాలీడు ఈ వర్గంలోనిదే. ముందువైపు రెండు పెద్ద కళ్లు దీపాల్లా కనిపించడం దాని ఆనవాలు. ఇదీ నిరపాయకరం.

చెట్టు తొర్రల్లో, బొరియల్లో ఉండే బొద్దైన, వెంట్రుకల సాలీడును మాత్రం ముట్టుకోకూడదు. గుత్తిలో దొరికిన నమూనా ఆధారంగా 1899లో వర్ణించిన నీలిరంగు పెసిలోథీరియా ఈ తరగతిది. ఈ జాతి నేడు అంతరించిపోయే ప్రమాదంలో ఉంది. దీని కాటువల్ల తీవ్రమైన నొప్పి, కండరాల బిగుతు కలుగవచ్చు.

సాలీడు చేయని నేరం

వానాకాలంలో ఉదయం లేచేసరికి మెడపైనో ముఖంపైనో గీత గీసినట్లు ఎర్రని మంట, బొబ్బలు కనిపిస్తే "సాలీడు పాకింది" అంటారు. సాధారణంగా దీనికి కారణం పెడెరస్ అనే చిన్న పురుగు. చీమలా సన్నగా, నలుపు, నారింజ పట్టీలతో ఉండి, దీపాల వెలుగుకు వస్తుంది. చర్మంపై నలిపినప్పుడు దాని దేహద్రవం మంటను కలిగిస్తుంది. మోచేతి మడతలో ఎదురెదురుగా రెండు మచ్చలు పడడం దీని ప్రత్యేక లక్షణం. కాబట్టి పురుగును నలపకుండా ఊది తొలగించాలి. తాకినచోటును సబ్బునీటితో కడగాలి.

ఫొటో ఎలా ఉండాలి

మూడు ఫొటోలు తీస్తే మేలు. మొదటిది దూరంనుండి, గూడు మొత్తం కనిపించేలా. రెండవది పైనుండి, దేహం స్పష్టంగా, ప్రక్కన పరిమాణం తెలిపే వస్తువుతో. మూడవది వీలైతే ముఖం వైపునుండి. కళ్ల అమరికను బట్టి కుటుంబం నిర్ధారణ అవుతుంది. జాతిని కచ్చితంగా తేల్చడానికి మాత్రం సూక్ష్మదర్శిని క్రింద జననాంగాలను పరిశీలించవలసి ఉంటుంది. ఆ పని ఏ ఫొటో చేయలేదు.

సాలీడు కరిస్తే ఆ చోటును సబ్బుతో కడిగి, చల్లని గుడ్డ వేయాలి. కోయడం, పీల్చడం కూడదు. విపరీతమైన చెమట, కడుపులోగాని వీపులోగాని కండరాల పట్టివేత, వాంతులు, ఊపిరాడకపోవడం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకొనిపోవాలి. చిన్నపిల్లల విషయంలో ఆలస్యం చేయరాదు. అప్పుడు ఆ ఫొటోను వైద్యునికి చూపడం చికిత్సకు సహాయపడుతుంది.