ట్రాన్స్‌ఫార్మర్ వెక్టర్ గ్రూప్

మూడు ఫేజుల ట్రాన్స్‌ఫార్మర్‌లో చుట్లను కలిపిన తీరును, దానివల్ల రెండు వైపుల వోల్టేజీల మధ్య ఏర్పడే కోణాన్ని తెలిపే గుర్తు వెక్టర్ గ్రూప్. ఆంధ్రప్రదేశ్‌లో 11 కేవీని 433 వోల్టులకు దించే మూడు ఫేజుల పంపిణీ ట్రాన్స్‌ఫార్మర్లలో సాధారణంగా కనిపించేది డీవైఎన్11. ఇందులో హైటెన్షన్ చుట్టు డెల్టా, లోటెన్షన్ చుట్టు న్యూట్రల్ బయటికి తీసిన స్టార్. గడియారంలో 12 దగ్గర హైటెన్షన్ వోల్టేజీ ఉందనుకుంటే, లోటెన్షన్ 11 దగ్గర, అంటే 30 డిగ్రీలు ముందుంటుంది.

రెండు ట్రాన్స్‌ఫార్మర్లను సమాంతరంగా నడపాలంటే వోల్టేజీ నిష్పత్తి, ఫేజుల వరుస, ఈ కోణం ఒకటే కావాలి. శాతం ఇంపెడెన్సు దగ్గరగా ఉండాలి. తేడా ఉంటే తక్కువ ఇంపెడెన్సుది తన వాటాకు మించి లోడు మోస్తుంది. కోణం తేడా మాత్రం కొంచెమైనా చెల్లదు. డీవైఎన్11 పక్కన డీవైఎన్1 కలిపితే తేడా 60 డిగ్రీలు. న్యూట్రళ్లు కలిపి, ఒకే పేరున్న ఫేజు టెర్మినళ్ల మధ్య కొలిస్తే సున్నాకు బదులు 250 వోల్టులు కనిపిస్తాయి. సమాన సామర్థ్యం, చెరి 4.5 శాతం ఇంపెడెన్సు ఉంటే, లోడు లేకున్నా రేటెడ్ కరెంటుకు సుమారు 11 రెట్ల కరెంటు రెండింటి మధ్య తిరుగుతుంది. ఒకదానికి హైటెన్షన్ వైపు రెండు ఫేజులను, లోటెన్షన్ వైపు వాటికి తగిన రెండింటిని తారుమారు చేస్తే ఈ జత కలుస్తుంది.