పాల లెక్కల చార్టులో గీత తెగిపోతోందా? అంకెలు అక్షరాలుగా పడ్డాయేమో చూడండి

పాడి రైతులు చాలామంది రోజువారీ పాల లెక్కను ఇప్పుడు ఫోనులోనే, గూగుల్ షీట్స్‌లో రాసుకుంటున్నారు. ఏ పూట ఎన్ని లీటర్లు పోశామో రాసి, దానికి చార్టు పెట్టుకుంటే గేదె పాలు పెరుగుతున్నాయో తగ్గుతున్నాయో ఒక్క చూపులో తెలుస్తుంది. అయితే కొన్నిసార్లు చార్టులో గీత మధ్యమధ్య తెగిపోతుంది, లేదా ఒక గీత అసలే కనిపించదు. షీటులో చూస్తే అన్ని రోజుల లెక్కా ఉంటుంది. ఎక్కువసార్లు దీనికి కారణం చార్టు కాదు. గడిలో మనం రాసినది షీటుకు అంకెగా కాక అక్షరాలుగా అందడమే.

ఎందుకిలా జరుగుతుంది?

గడిలో 3.5 అని రాస్తే షీటు దాన్ని అంకెగా తీసుకుంటుంది. అదే 3.5 లీ అని రాస్తే, పక్కన అక్షరం ఉంది కాబట్టి మొత్తం గడిని ఒక మాటగా తీసుకుంటుంది. తొందరలో చుక్క రెండుసార్లు పడి 3..5 అయినా అంతే. గడి ఫార్మాట్ ముందే Plain text అని ఉంటే, సరిగ్గా 3.5 అని రాసినా అది మాటగానే ఉండిపోతుంది. మాటలకు ఎత్తూ తగ్గూ ఉండవు కనుక గూగుల్ షీట్స్ ఆ చోట గీతను ఖాళీగా వదిలేస్తుంది. కాలమ్ మొత్తం అలాగే ఉంటే ఆ గీతే రాదు. ఎక్సెల్‌లో కొంచెం వేరుగా ఉంటుంది. మాటలున్న గడిని అది సున్నాగా గీస్తుంది, ఆ రోజు గీత నేలకు పడిపోతుంది. ఆ రోజు గేదె పాలే ఇవ్వలేదేమో అనిపిస్తుంది.

ఒక పది రోజుల లెక్క చూద్దాం

సాయంత్రం పూట పాలు C కాలమ్‌లో, C2 నుంచి C11 వరకు ఇలా రాశారనుకోండి:

```
3.5
3.6
3.5 లీ
3.4 లీ
3.5
3..4
3.3
3.2
3.2
3.1
```

ఈ పదింటిలో మూడు గళ్లు అక్షరాలు: మూడో రోజు, నాలుగో రోజు, ఆరో రోజు. చార్టులో గీత ఆ మూడు చోట్లా తెగుతుంది. ఐదో రోజు ఒంటరి చుక్కగా మిగులుతుంది, లేదా కనిపించకుండానే పోతుంది. పాలు 3.5 నుంచి 3.1కి మెల్లగా దిగుతున్న సంగతి పట్టుకోవడం కష్టమవుతుంది.

అసలు నష్టం మొత్తం కట్టేటప్పుడు. ఈ పది రోజుల పాలు నిజానికి 33.7 లీటర్లు. కానీ షీటులో SUM వేస్తే 23.4 అని చూపిస్తుంది. అక్షరాలుగా ఉన్న 10.3 లీటర్లను SUM చెప్పకుండా వదిలేస్తుంది, తప్పు ఉందని ఎక్కడా ఎర్రగా చూపదు. లీటరు 50 రూపాయలు అనుకుంటే 515 రూపాయల పాలు మీ లెక్కలో లేనట్టే. పాల కేంద్రం బిల్లులో పొరపాటున 31.7 లీటర్లే పడి 2 లీటర్లు తగ్గినా, మీ షీటు 23.4 చూపుతుంది కనుక బిల్లే ఎక్కువ వచ్చిందనుకుని ఊరుకుంటారు. సగటు చూసినా దొరకదు. మిగిలిన ఏడు రోజులకే లెక్కకట్టి 3.34 అంటుంది, అసలు సగటు 3.37. తేడా కంటికి ఆనదు.

ఎలా గుర్తుపట్టాలి?

మొదటి గుర్తు గడిలోనే ఉంటుంది. మీరు మధ్యకు జరపకుండా ఉంటే, అంకె గడికి కుడివైపు అంటుకుని ఉంటుంది, మాట ఎడమవైపు అంటుకుని ఉంటుంది. కాలమ్‌ను పైనుంచి కిందికి చూస్తే ఎడమకు జరిగినవి వెంటనే కనిపిస్తాయి.

వరుసలు ఎక్కువుంటే ఖాళీగా ఉన్న రెండు గళ్లలో ఇవి వేయండి:

```
=COUNTA(C2:C11)
=COUNT(C2:C11)
```

మొదటిది ఏదో ఒకటి రాసి ఉన్న గళ్లన్నీ లెక్కిస్తుంది. రెండోది అంకెలున్న గళ్లనే లెక్కిస్తుంది. పై లెక్కలో మొదటిది 10, రెండోది 7 వస్తుంది. అంటే మూడు గళ్లు సరిచేయాలి. రెండూ సమానమయ్యేదాకా ఆ మొత్తాన్ని నమ్మి కేంద్రంతో మాట్లాడకండి.

ఎలా సరిచేయాలి?

1. ముందు ఫార్మాట్ మార్చండి. కంప్యూటర్‌లో C2 నుంచి C11 వరకు ఎంచుకుని Format > Number > Automatic నొక్కండి. ఫోను యాప్‌లో పైనున్న A గుర్తు నొక్కి, Cell కింద Number format లోకి వెళ్లండి. ఈ పని చేయకుండా కింది పనులు చేస్తే అంకె మళ్లీ అక్షరంగానే మిగలవచ్చు.

2. తర్వాత లీ అనే అక్షరం తీసేయండి. కంప్యూటర్‌లో Edit > Find and replace తెరిచి, Find దగ్గర ఖాళీతో కలిపి లీ అని రాసి, Replace with దగ్గర ఏమీ రాయకుండా వదిలి, Replace all నొక్కండి. వెతికే చోటు C2:C11 మాత్రమే అని ఇవ్వండి, లేకపోతే షీటులో వేరే చోట్ల ఉన్న లీ కూడా పోతుంది.

3. 3..4 లాంటివి ఒక్కొక్కటే మళ్లీ టైప్ చేయండి. అది 3.4 అవునో కాదో ఆ రోజు కేంద్రం ఇచ్చిన స్లిప్‌తో చూసుకోండి. ఊహించి రాయకండి.

ఇంకా ఎడమవైపే ఉన్న గడి ఉంటే దాన్ని ఖాళీ చేసి కొత్తగా రాయండి. ఎక్సెల్‌లో గడి మూలన చిన్న ఆకుపచ్చ గుర్తు కనిపిస్తే, దాని పక్కన వచ్చే హెచ్చరిక నొక్కి Convert to Number ఎంచుకోవచ్చు. లీ అని రాసి ఉన్న గడికి మాత్రం అది పనిచేయదు, అక్షరం తీసేయాల్సిందే. గళ్లు సరికాగానే చార్టు తనంతట తానే మారుతుంది, మళ్లీ గీయనక్కర్లేదు.

ప్రతి ఖాళీ తప్పు కాదు

ఆ పూట పాలు పోసి, రాయడం మరిచిపోతే గడిని ఖాళీగానే వదలండి. గీత అక్కడ తెగడమే సరైనది, లెక్క తెలియదని అది చెబుతోంది. పాలు అసలు పోయకపోతేనే 0 రాయండి. లేదు అనో, అడ్డగీతో రాయకండి. దూడకు వదిలాం, పశువైద్యుడు వచ్చాడు లాంటి మాటలకు పక్కన వివరం అని వేరే కాలమ్ పెట్టుకోండి.

మళ్లీ రాకుండా

లీటర్లు అనే మాట గడిలో కాక కాలమ్ తలపై ఒక్కసారి రాయండి: సాయంత్రం పాలు, లీటర్లలో. ఇంట్లో ఇద్దరు ముగ్గురు రాసే షీటైతే Data > Data validation లో 0 నుంచి 20 మధ్య అంకె మాత్రమే అని పెట్టి, Reject the input ఎంచుకోండి. గేదెల సంఖ్యను బట్టి ఆ 20ని పెంచుకోవచ్చు. అప్పుడు 3.5 లీ అని ఎవరు టైప్ చేసినా షీటు తీసుకోదు. కాపీ చేసి అతికించినవి మాత్రం ఈ కాపలాను దాటుకుని రావచ్చు. అందుకే బిల్లు వచ్చే ముందు రోజు COUNTA, COUNT రెండూ ఒకసారి సరిచూసుకుని, ఆ తర్వాతే మొత్తాన్ని బిల్లుతో పోల్చండి.