బిజినెస్ స్కూలుకు ఒక్క పేజీ రెజ్యూమే: ఏం ఉంచాలి, ఏం తీసేయాలి

మా సంఘంలో ఆదివారం తెలుగు తరగతి నడిపే అమ్మాయి ఈమధ్య తన రెజ్యూమే తెచ్చి "ఒకసారి చూడండి సార్" అంది. హోసూరులో వాహనాల విడిభాగాల కర్మాగారంలో ఇంజనీరుగా పనిచేస్తోంది. ఉద్యోగానుభవం ఉన్నవాళ్లకు నడిపే ఎంబీఏకు దరఖాస్తు పెట్టుకుంటోంది. మూడు పేజీలు రాసింది. తండ్రి పేరు, పుట్టిన తేదీ, చివర "పై వివరాలన్నీ నిజమని ధృవీకరిస్తున్నాను" అన్న వాక్యం కూడా ఉన్నాయి. మా రోజుల బయోడేటాకు అవి కావాలి, దీనికి అక్కర్లేదు. ఇలాంటి పొరపాటు మన పిల్లల్లో మరికొందరూ చేస్తుంటారు కాబట్టి ఆ రెజ్యూమేను ఎలా దిద్దామో ఇక్కడ రాస్తున్నాను.

ఉద్యోగానికి పంపే రెజ్యూమే "నాకు ఈ పని వచ్చు" అని చెబుతుంది. అందుకే అందులో యంత్రాల పేర్లు, సాఫ్ట్‌వేర్ల పేర్లు నిండి ఉంటాయి. బిజినెస్ స్కూలు చూసేది వేరు. మీరు ఎవరిని నడిపించారు, ఏళ్లు గడిచేకొద్దీ మీ బాధ్యత పెరిగిందా, మీ వల్ల ఏం మారింది అన్న మూడు విషయాలే చూస్తుంది. చదివేవారి దగ్గర దరఖాస్తులు చాలా ఉంటాయి కాబట్టి ఈ మూడూ ఒక్క పేజీలోనే కనిపించాలి.

మొదట ఎదుగుదల సంగతి. ఆ అమ్మాయి ఒకే కంపెనీలో మూడు హోదాల్లో పనిచేసింది. కానీ "2019 నుంచి ఇప్పటిదాకా, డిప్యూటీ మేనేజర్" అని ఒకే వరుసలో రాసేసింది. రెండు ప్రమోషన్లూ అందులో మాయమయ్యాయి. కంపెనీ పేరు ఒక్కసారే ఉంచి, దాని కింద డిప్యూటీ మేనేజర్ (2023 నుంచి), అసిస్టెంట్ ఇంజనీర్ (2021–23), ట్రెయినీ (2019–21) అని కొత్తది పైకి వచ్చేలా విడదీశాం. ఇప్పటి హోదాకు నాలుగు వాక్యాలు, దాని ముందుదానికి రెండు, ట్రెయినీకి ఒక్కటి ఇచ్చాం. పాత పనికి చోటు తగ్గించడం వల్లే పేజీ సరిపోయింది.

తర్వాత ఫలితం. ఆమె రాసిన వాక్యం ఇది: "ఉత్పత్తి లైను నిర్వహణ బాధ్యతలు చూశాను." అదే కుర్చీలో ఎవరు కూర్చున్నా ఈ మాటే రాసుకోవచ్చు. వాక్యం బలహీనంగా ఉందని తెలుసుకోవడానికి గుర్తు అదే. "నువ్వు రాకముందు ఎలా ఉండేది, తర్వాత ఎలా అయింది?" అని అడిగాను. యంత్రాలు చెడిపోయి లైను నెలకు 22 గంటలు ఆగిపోయేదట. ఆమె మూడు నెలల షిఫ్టు పుస్తకాలు తిరగేసి చూస్తే ఒకే రకం బేరింగు మళ్లీ మళ్లీ పాడవుతోందని తేలింది. చెడిపోయాక మార్చే బదులు ముందుగానే మార్చేలా పట్టిక వేసి, ఆపరేటర్లను ఒప్పించింది. ఆరు నెలల్లో 22 గంటలు 9కి దిగాయి. అప్పుడు వాక్యం ఇలా అయింది:

"మూడు షిఫ్టుల్లోని 18 మంది ఆపరేటర్లతో బేరింగుల ముందస్తు మార్పిడి పట్టిక అమలు చేయించి, లైను ఆగే సమయాన్ని ఆరు నెలల్లో నెలకు 22 గంటల నుంచి 9 గంటలకు తగ్గించాను."

రెజ్యూమేలో దీన్నే ఇంగ్లీషులో రెండు వరుసల్లో రాశాం. ఆ 18 మందీ ఆమె కింద ఉద్యోగులు కారు. హోదా బలం లేకుండా మనుషుల్ని ఒప్పించడమూ నాయకత్వమే, అందుకే ఆ సంఖ్య ఉంచాం. "59 శాతం తగ్గించాను" అని మాత్రమే రాస్తే ఎంతలో 59 శాతమో తెలియదు. కంపెనీ అసలు అంకెలు బయటపెట్టకూడదంటే మాత్రం శాతమే రాయాలి.

ఇక్కడే ఒక జాగ్రత్త ఉంది. ఆమె మొదట "కంపెనీకి రెండు కోట్లు ఆదా చేశాను" అనబోయింది. లెక్క అడిగితే అది మొత్తం విభాగం చేసిన ఆదా. ఇంటర్వ్యూలో రెజ్యూమే చూసే ప్రశ్నలు వేస్తారు, సిఫారసు లేఖ రాసే అధికారి మాటా దీనితో కలవాలి. రెండు నిమిషాలు లెక్కతో వివరించలేని అంకెను కొట్టేయాలి.

చివరికి చదువు మూడు వరుసలు, ఉద్యోగేతర పనులు మూడు వరుసలు అయ్యాయి. తెలుగు తరగతి సంగతి ఆమె రాయనే లేదు. 14 మంది పిల్లలతో మొదలుపెట్టి, మరో ఇద్దరు యువతులకు బోధన నేర్పి, మూడేళ్లలో 41 మందికి పెంచింది. అదీ నాయకత్వమే కాబట్టి చేర్చాం. చిన్నచిన్న ఆన్‌లైన్ సర్టిఫికెట్లు, "కష్టపడే స్వభావం" వంటి మాటలు తీసేశాం. అప్పటికీ పేజీ దాటితే అక్షరం చిన్నది చేయకండి, 10 పాయింట్లకంటే తగ్గితే చదవడం కష్టం. బలహీనమైన వాక్యం ఒకటి తీసేయండి. పంపే ముందు హోదాలు, నెలలు, సంవత్సరాలు దరఖాస్తు ఫారంలో ఉన్నవాటితో సరిపోయాయా అని ఒక్కొక్కటే చూసుకోండి.