డిస్కౌంట్ బాండ్‌పై కూపన్ రేటు, కరెంట్ ఈల్డ్, వైటీఎం

ముఖ విలువ కంటే తక్కువ ధరకు చేతులు మారే బాండును డిస్కౌంట్ బాండ్ అంటారు. అలాంటి బాండుపై వచ్చే రాబడిని మూడు రేట్లతో చెబుతారు. ముఖ విలువపై ఏటా చెల్లించే వడ్డీ శాతం కూపన్ రేటు. అదే వడ్డీని ఆనాటి మార్కెట్ ధరతో భాగిస్తే వచ్చేది కరెంట్ ఈల్డ్. బాండును గడువు తీరేదాకా ఉంచుకుంటే, మధ్యలో అందే వడ్డీలనూ చివర్లో వచ్చే అసలునూ కలిపి లెక్కకట్టిన రాబడి ఈల్డ్ టు మెచ్యూరిటీ, క్లుప్తంగా వైటీఎం. కూపన్, గడువు రెండూ ఉన్న డిస్కౌంట్ బాండులో ఈ మూడూ ఎప్పుడూ ఒకే వరుసలో ఉంటాయి: అన్నిటికంటే తక్కువది కూపన్ రేటు, దానికి పైన కరెంట్ ఈల్డ్, అన్నిటికంటే ఎక్కువది వైటీఎం.

హైదరాబాద్ పురపాలక బాండ్లు

ఈ తేడాకు మంచి ఉదాహరణ గ్రేటర్ హైదరాబాద్ మహానగర పాలక సంస్థ (జీహెచ్‌ఎంసీ) జారీ చేసిన బాండ్లలో ఉంది. ఎస్‌ఆర్‌డీపీ పేరుతో చేపట్టిన ఫ్లైఓవర్లు, అండర్‌పాస్‌ల నిర్మాణానికి సంస్థ మూడు విడతలుగా పదేళ్ల బాండ్లు అమ్మింది. 2018 ఫిబ్రవరిలో 8.90 శాతం కూపన్‌తో 200 కోట్ల రూపాయలు, అదే ఏడాది ఆగస్టులో 9.38 శాతంతో 195 కోట్లు, 2019 ఆగస్టులో 10.23 శాతంతో 100 కోట్లు సేకరించింది.

అప్పు తీసుకున్నది ఒకే సంస్థ, గడువూ ఒకటే. అయినా ఏడాదిన్నరలో మదుపరులు అడిగిన వడ్డీ 1.33 శాతం పాయింట్లు పెరిగింది. కొత్త బాండు కొంటే 10.23 శాతం వస్తున్నప్పుడు, 8.90 శాతమే ఇచ్చే పాత బాండును ముఖ విలువకు ఎవరూ కొనరు. పాత బాండు కూపన్ జారీ రోజునే ఖరారైంది కాబట్టి అది మారదు. మారగలిగింది ధర ఒక్కటే. కొత్త కొనుగోలుదారుకు గిట్టుబాటయ్యేంత వరకు ఆ ధర తగ్గాలి. డిస్కౌంట్ పుట్టేది ఇక్కడే.

ధర లెక్క

2019 ఆగస్టులో 8.90 శాతం బాండుకు ఇంకా ఎనిమిదిన్నరేళ్ల గడువు ఉంది. ఆరు నెలలకోసారి వడ్డీ, గడువు తీరాక మొత్తం అసలు ఒకేసారి వస్తాయని, అప్పుడే ఒక కూపన్ చెల్లింపు పూర్తయిందని అనుకుంటే, మిగిలినవి 17 కూపన్లు. ముఖ విలువ ప్రతి 100 రూపాయలకు ఒక్కో కూపన్ 4.45 రూపాయలు. కొనేవారికి ఏటా 10.23 శాతం, అంటే ఆరు నెలలకు 5.115 శాతం రాబడి కావాలి. 17 కూపన్లనూ చివరి 100 రూపాయలనూ ఈ రేటుతో నేటి విలువకు తగ్గించి కలిపితే 92.57 రూపాయలు వస్తుంది. ఇది మార్కెట్లో నమోదైన ధర కాదు, కొత్త బాండు రేటును పాత బాండుకు వర్తింపజేసి కట్టిన లెక్క.

10 లక్షల రూపాయల ముఖ విలువ ఉన్న బాండుకు ఈ ధర సుమారు 9,25,700 రూపాయలు అవుతుంది. కొన్నవారికి ఏటా 89,000 రూపాయల వడ్డీ వస్తుంది. గడువు తీరాక మాత్రం పూర్తి 10 లక్షలు చేతికొస్తాయి.

మూడు రేట్లు, మూడు ప్రశ్నలు

ఈ బాండు కూపన్ రేటు 8.90 శాతం. అప్పు తీసుకున్న సంస్థ ఏటా ఎంత చెల్లించాలో అది చెబుతుంది. ఈరోజు బాండు కొన్నవారు ఎంత సంపాదిస్తారో దానివల్ల తెలియదు, ఎందుకంటే వారు పెట్టింది 100 కాదు, 92.57.

కరెంట్ ఈల్డ్ ఆ లోటును కొంత తీరుస్తుంది. 8.90ని 92.57తో భాగిస్తే 9.61 శాతం. పెట్టిన డబ్బుపై ఏటా చేతికొచ్చే నగదు ఇంత. వడ్డీ మీదే ఇల్లు గడుపుకొనే విశ్రాంత ఉద్యోగికి ఈ అంకె పనికొస్తుంది. కానీ గడువు తీరాక అదనంగా వచ్చే 7.43 రూపాయలు ఇందులో ఎక్కడా కనిపించవు.

వైటీఎం ఆ 7.43 రూపాయలను కూడా లెక్కలోకి తెస్తుంది. మిగిలిన చెల్లింపులన్నిటి నేటి విలువను సరిగ్గా 92.57కు సమానం చేసే రేటు ఏదో వెతికితే దొరికేది 10.23 శాతం. కరెంట్ ఈల్డ్‌కూ దీనికీ మధ్య ఉన్న 0.62 శాతం పాయింట్లు డిస్కౌంట్ కరిగి అసలులో కలవడం వల్ల వచ్చే రాబడి.

వైటీఎం కట్టే పద్ధతి

ధర నుంచి వైటీఎంను సూటిగా రాబట్టే సూత్రం సాధారణ కూపన్ బాండుకు లేదు. ఒక రేటు అనుకుని ధర కట్టి, అది మార్కెట్ ధర కంటే ఎక్కువైతే రేటు పెంచుతూ, తక్కువైతే తగ్గిస్తూ దగ్గరకు చేరాలి. స్ప్రెడ్‌షీట్ ఈ పనిని క్షణంలో చేస్తుంది:

```
=RATE(17, 4.45, -92.57, 100)*2
```

ఇందులో మొదటి అంకె మిగిలిన కూపన్ల సంఖ్య, రెండోది అర్ధ సంవత్సరపు కూపన్, మూడోది చెల్లించిన ధర, నాలుగోది చివర్లో వచ్చే అసలు. ఆరు నెలల రేటు వస్తుంది కాబట్టి రెండుతో గుణించాలి.

కాగితం మీద అంచనాకు ఒక సులువు మార్గం ఉంది. 7.43 రూపాయల డిస్కౌంట్‌ను 8.5 ఏళ్లకు పంచితే ఏటా 0.87. దాన్ని 8.90 కూపన్‌కు కలిపితే 9.77. ఈ మొత్తాన్ని కొన్న ధరకూ ముఖ విలువకూ సగటైన 96.29తో భాగిస్తే 10.15 శాతం వస్తుంది. అసలు జవాబుకు ఇది చాలా దగ్గర. సగటుకు బదులు కొన్న ధరతోనే భాగిస్తే 10.56 శాతమై, వైటీఎం ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది.

సమానంగా పంచడం అంచనాకే పరిమితం, ఎందుకంటే డిస్కౌంట్ ఏటా ఒకే మోతాదులో కరగదు. మార్కెట్ రేటు 10.23 వద్దే నిలిచిపోయిందనుకుంటే, మొదటి ఏడాది ధర 92.57 నుంచి 93.15కు, అంటే 58 పైసలే పెరుగుతుంది. చివరి ఏడాది 98.77 నుంచి 100కు, అంటే 1.23 రూపాయలు పెరుగుతుంది. మొదట నెమ్మదిగా, గడువు దగ్గరపడేకొద్దీ వేగంగా ధర ముఖ విలువ వైపు నడుస్తుంది.

గడువు తగ్గేకొద్దీ

కరెంట్ ఈల్డ్ ఎక్కడ ఎక్కువగా తప్పుదారి పట్టిస్తుందో ఈ నడకే చూపుతుంది. గడువుకు ఏడాది మాత్రమే మిగిలి, ధర 98.77 ఉన్నప్పుడు కరెంట్ ఈల్డ్ 9.01 శాతానికి దిగుతుంది. వైటీఎం మాత్రం 10.23 శాతమే. ఎనిమిదిన్నరేళ్లప్పుడు 0.62 ఉన్న తేడా 1.22కు చేరింది. డిస్కౌంట్ చిన్నదే అయినా, అది ఒక్క ఏడాదిలోనే చేతికి రావడం దీనికి కారణం. అందువల్ల గడువు దగ్గరపడిన బాండ్లను కరెంట్ ఈల్డ్‌తో పోల్చడం సరికాదు.

రెండు కొసల్లో ఈ సంబంధం మరింత స్పష్టం. అసలు ఎప్పటికీ తిరిగిరాని శాశ్వత బాండులో కరిగే డిస్కౌంట్ లేదు కాబట్టి కరెంట్ ఈల్డ్, వైటీఎం ఒకటే. కూపన్ లేని బాండులో కరెంట్ ఈల్డ్ సున్నా, రాబడి మొత్తం డిస్కౌంట్‌లోనే ఉంటుంది. ముఖ విలువకే అమ్ముడయ్యే బాండులో మూడు రేట్లూ సమానం. ముఖ విలువకు మించిన ధర పలికితే వరుస తిరగబడి కూపన్ రేటు అన్నిటికంటే పైన ఉంటుంది.

లెక్కలో దొర్లే తప్పులు

పై వరుసే తప్పులు పట్టే సాధనం. డిస్కౌంట్ బాండులో వైటీఎం కరెంట్ ఈల్డ్ కంటే తక్కువ వచ్చిందంటే లెక్కలో పొరపాటు ఉన్నట్టే. అర్ధ సంవత్సరపు రేటును రెండుతో గుణించడం మరచిపోతే జవాబు 5 శాతం దగ్గర ఆగిపోతుంది. 17 కాలాలకు ఏడాది కూపన్ 8.90 వేస్తే దాదాపు రెట్టింపు రేటు వస్తుంది.

మరో పొరపాటు ధరలో జరుగుతుంది. రెండు కూపన్ల మధ్య బాండు కొంటే, అప్పటిదాకా పేరుకున్న వడ్డీని కూడా అమ్మినవారికి చెల్లించాలి. మూడు నెలలు గడిస్తే అది 100 రూపాయలకు సుమారు 2.23. పేరుకున్న వడ్డీ కలవని ధరను క్లీన్ ప్రైస్ అంటారు. కరెంట్ ఈల్డ్‌కు ఈ ధరనే తీసుకోవాలి. వైటీఎంకు మాత్రం జేబులోంచి నిజంగా పోయిన మొత్తం డబ్బును, చెల్లింపుల కచ్చితమైన తేదీలను చూడాలి.

వైటీఎం హద్దులు

వైటీఎం మూడింటిలో సమగ్రమైనదే అయినా అది హామీ కాదు. అందిన ప్రతి కూపన్‌నూ అదే 10.23 శాతానికి తిరిగి మదుపు చేస్తేనే ఆ రాబడి పూర్తిగా దక్కుతుంది. కూపన్లకు 6 శాతమే దొరికితే, 17 కూపన్లూ వాటిపై వడ్డీ కలిసి గడువునాటికి 96.84 రూపాయలవుతాయి. అసలుతో కలిపి 196.84. ఈ లెక్కన 92.57పై నిజంగా దక్కిన రాబడి ఏటా 9.08 శాతం. గడువుకు ముందే అమ్మితే ఆనాటి ధరే రాబడిని నిర్ణయిస్తుంది.

చెల్లింపులన్నీ సకాలంలో వస్తాయన్నది వైటీఎంలో దాగి ఉన్న మరో షరతు. మార్కెట్ వడ్డీ రేట్లు పెరగడం వల్లనే కాక, అప్పు తీసుకున్న సంస్థ మీద నమ్మకం తగ్గినా, బాండు కొనేవారు అరుదైనా ధర పడుతుంది. మూడు సందర్భాల్లోనూ వైటీఎం ఒకేలా పెరుగుతుంది, కారణమేదో అంకె చెప్పదు. అదే గడువున్న ప్రభుత్వ బాండు వైటీఎంతో పోల్చి, ఆ తేడా కాలక్రమంలో ఎంత పెరిగిందో చూస్తే కొంత తెలుస్తుంది. వైటీఎం ప్రభుత్వ బాండు రేటుతో సమానంగా పెరిగితే అది వడ్డీల ప్రభావం. తేడాయే పెరిగితే, అధిక వైటీఎం ఎక్కువ నష్టభయానికో, అమ్ముకోవడంలోని ఇబ్బందికో మార్కెట్ కట్టిన వెల.